అన్‌కంట్రోల్డ్ కాపీని తెలుగులో ఏమనాలి?

హిందూపురం అమ్మాయి:
బెంగళూరు పీణ్యాలో ఒక మెషీన్ షాపులో డాక్యుమెంట్లు చూస్తాను. లైన్లో సగం మంది మన అనంతపురం, చిత్తూరు వాళ్ళే, అందుకని వర్క్ ఇన్‌స్ట్రక్షన్లు తెలుగులో కూడా పెడుతున్నాం. ఫుటర్లో ‘అన్‌కంట్రోల్డ్ వెన్ ప్రింటెడ్’ అని ఉంటుంది కదా, దాన్ని ‘ముద్రిస్తే నియంత్రణ లేనిది’ అని రాసిచ్చారు. ఒకతను చదివి, మెషీన్ ఆగదా మేడమ్ అని అడిగాడు. ఏం రాస్తే బాగుంటుంది?

తెలుగు మాస్టారు:
‘చెల్లదు’ అని రాయమ్మా. చిన్న మాట, అందరికీ తెలుసు.

క్వాలిటీలో ఇరవయ్యేళ్ళు:
మాస్టారూ, చెల్లదు అనేది రద్దయిన పాత కాపీ మీద వేసే అబ్సొలీట్ స్టాంపుకి సరిపోతుంది. అన్‌కంట్రోల్డ్ కాపీలో ఉన్నది తప్పు అని కాదండీ, ప్రింటు తీసిన రోజు అది కరెక్టే. రేపు రివిజన్ మారితే దాన్ని వెనక్కి తీసుకోడానికి ఎవరూ రారు, అదీ తేడా. మా దగ్గర ఒక బోల్టు బిగింపు రివిజన్ 03లో 22 న్యూటన్ మీటర్లు, 04లో 26 చేశారు. బోర్డు మీది కాపీ, ఎవరికి ఏ కాపీ ఇచ్చామో రాసుకునే ఇష్యూ రిజిస్టర్లో ఉంది కాబట్టి కొత్తదిచ్చి సంతకం పెట్టించుకుని పాతది తెచ్చేసుకున్నాం. ఒకతను మాత్రం 03ని ఎప్పుడో జిరాక్స్ తీసి టూల్ బాక్స్ మూత లోపల అంటించుకున్నాడు, అది ఉందనే మాకు తెలీదు, మూడు రోజులు 22కే బిగించాడు. మా కంట్రోల్డ్ స్టాంపు ఎర్రసిరా, మూత లోపలి జిరాక్స్‌లో అది నల్లగా ఉంది, అలా పట్టుకున్నాం. ఇప్పుడు కలర్ జిరాక్సులు వచ్చాక ఆ గుర్తు ఒక్కటే నమ్మలేం, కాపీ నంబరు రిజిస్టర్‌తో కలిపి చూడాల్సిందే.

సాఫ్ట్‌వేర్ తమ్ముడు:
మా ఆఫీసులో అన్నిటికీ ‘కాన్ఫిడెన్షియల్’ అనే ఉంటుంది అన్నా. ‘రహస్యం’ అని వేస్తే ఎవరూ ప్రింటే తీయరు కదా?

క్వాలిటీలో ఇరవయ్యేళ్ళు:
అది ఎవరు చూడొచ్చో చెప్పే ముద్ర తమ్ముడూ. ఏ కాగితం చూసి పని చెయ్యాలో అది చెప్పదు. లైన్లో వాడే షీటు మీద రహస్యం అని వేస్తే చదవాల్సినవాడే భయపడతాడు.

వీఆర్వో గారి కూతురు:
మా నాన్న అడంగల్ నకలు మీద సంతకం, సీలు లేకపోతే ఒప్పుకునేవారు కాదు. ‘లెక్కలో లేని నకలు’ అనొచ్చా? రిజిస్టర్లో లేదనేగా అర్థం.

తెలుగు మాస్టారు:
బాగుందమ్మా, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ చూడు, తొందరలో ‘లెక్కలేని’ అని టైపు చేస్తే అర్థమే మారిపోతుంది.

హిందూపురం అమ్మాయి:
లెక్కలో లేని అంటే దొంగతనంగా తీశాడనుకుంటారేమో అని నా భయం అక్కా. ‘ఈ ప్రింటు మారదు, రివిజన్ స్క్రీన్ మీద చూసుకో’ అని రాసి చూశాను, ఫుటర్లో పేజీ నంబరు పక్కన పట్టక రెండో లైనుకి పోయింది. ఫాంటు తగ్గిస్తే గుణింతాలు కలిసిపోతున్నాయి. సోమవారం రెండూ ప్రింటు తీసి లైన్లో నలుగురి చేత చదివిస్తా. హెడర్లో ‘అప్రూవ్డ్ డేట్’, ‘ఎఫెక్టివ్ డేట్’ రెండింటికీ ఒకే ‘తేదీ’ అని రాసిచ్చారు, మధ్యలో ట్రైనింగుకి వారం ఉంటుంది మరి, వాటికీ మాటలు చెప్పండి.