బుగ్గ మీద చారలు, నుదుటి మీద రంగు మచ్చలు: స్కిన్ రీటచ్ అయ్యాక టోన్ ఎందుకు విరుగుతోంది?

బ్రాడీపేట కుర్రాడు
అందరికీ నమస్కారం. రిసెప్షన్ ఆల్బమ్ ఒకటి చేస్తున్నాను, అందులో ఒక షీటు నిండా పెళ్లికూతురి క్లోజప్ పెట్టాలి. ఫోటో తీసింది రెండో కెమెరామన్, ఆయన దగ్గర జేపెగ్ తప్ప రా ఫైల్ లేదు. స్టేజీ లైట్లన్నీ వెనక నుంచి పడ్డాయి, ముఖం ఒక పక్క బాగా చీకటి. ఫోటోషాప్‌లో స్కిన్ లేయర్ కాపీ తీసి బ్లర్ చేసి మాస్క్ వేశాను, దాని మీద Curves తో ముఖం లేపాను, కొంచెం కాంట్రాస్ట్ కూడా ఇచ్చాను. ఇప్పుడు చెంప నుంచి దవడ దాకా నీడ మెత్తగా దిగడం లేదు. చారలు చారలుగా, మ్యాపుల్లో ఎత్తులు చూపే గీతల్లా కనిపిస్తోంది. నుదుటి మీద గులాబీ, ఆకుపచ్చ మచ్చలు కూడా వచ్చాయి. ఇది మానిటర్ సమస్యా, ఫైల్ సమస్యా? 8 బిట్, 16 బిట్ అంటుంటారు కదా, దానికీ దీనికీ సంబంధం ఉందా?

తెనాలి వీడియో
తమ్ముడూ, ఇది ఫంక్షన్ హాళ్లలో ఎల్ఈడీ లైట్ల గొడవ. సైలెంట్ షట్టర్ పెట్టి తీస్తే ఫ్రేమంతా చారలు పడతాయి. షట్టర్ 1/50 కి దించి, మెకానికల్ షట్టర్‌తో తీయమని మీ కెమెరామన్‌కి చెప్పు. మాకు ప్రతి పెళ్లిలో ఇదే పని.

బ్రాడీపేట కుర్రాడు
అన్నా, అది నాకూ తెలుసు. ఆ చారలు ఫ్రేమ్ అడ్డంగా తిన్నగా వస్తాయి, వెనక గోడ మీద కూడా కనబడతాయి. ఇవి చెంప వంపు ఎలా తిరిగితే అలా తిరుగుతున్నాయి. పైగా ఒరిజినల్ జేపెగ్‌లో లేవు, ఎడిట్ అయ్యాకే వచ్చాయి.

బెంజ్ సర్కిల్ ఎడిటర్
సింపుల్. `Image > Mode > 16 Bits/Channel` నొక్కు, ప్రొఫైల్ ప్రోఫోటో పెట్టు, పోతుంది. నేను ఏ ఫైల్ అయినా అలాగే ఓపెన్ చేస్తాను.

బ్రాడీపేట కుర్రాడు
16 కి మార్చాను. పైన ట్యాబ్‌లో `RGB/8` పోయి `RGB/16` వచ్చింది. చారలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

చుట్టుగుంట స్టూడియో
ఉండక ఎక్కడికి పోతాయి? జేపెగ్ అంటే ఒక్కో ఛానల్‌కి 256 లెవెల్స్, అంతే. లేని వివరం 16 కి మారిస్తే పుట్టుకు రాదు. జేపెగ్‌కి 16 బిట్ దండగ. రా లేకపోతే ఆ ఫోటో చిన్న సైజులో వాడుకోవడమే.

లబ్బీపేట శ్రావణి
కుర్రాడు గారూ, మూడు సంగతులు చెప్పండి. చారలు చూస్తున్నది 100% జూమ్‌లోనా, 33 లోనా? బ్లర్ ముందా, Curves ముందా? 16 కి మార్చాక బ్లర్ మళ్లీ చేశారా, పాత లేయరే ఉంచారా?

బ్రాడీపేట కుర్రాడు
100% లో కూడా ఉన్నాయండి, 33 లో ఇంకా ఘోరం. బ్లర్ ముందు, Curves తర్వాత. లేయర్లు పాతవే, మోడ్ ఒక్కటే మార్చాను.

లబ్బీపేట శ్రావణి
అయితే సంగతి అర్థమైంది. కొంచెం ఓపిగ్గా చదవండి, మీ ఫోటో లెక్కలోనే చెబుతాను.

మీ పెళ్లికూతురి చెంప నీడ పక్క, జేపెగ్‌లో రెడ్ ఛానల్ 30 నుంచి 50 వరకు ఉందనుకుందాం. ఆ మధ్యలో 21 విలువలే ఉన్నాయి. చెంప ఫైల్‌లో వెయ్యి పిక్సెల్స్ వెడల్పు ఉంటే ఒక్కో విలువకి దాదాపు 48 పిక్సెల్స్ పట్టీ వస్తుంది. అయినా ఒరిజినల్‌లో ఆ పట్టీలు కనబడవు. ఎందుకంటే సెన్సర్ నాయిస్ ఉంది. 41, 42 పక్కపక్కనే చెల్లాచెదురుగా పడి ఉంటాయి, పట్టీ అంచు ఎక్కడో కంటికి దొరకదు.

ఇప్పుడు 8 బిట్‌లో బ్లర్ చేశారు. నాయిస్ పోయింది. 41, 42 సగం సగం ఉన్న చోట సగటు 41.5 రావాలి, కానీ 8 బిట్‌లో 41.5 కి చోటు లేదు, 41 గానో 42 గానో రౌండ్ అయిపోతుంది. దాంతో పట్టీలకి కత్తితో కోసినట్టు అంచులు వచ్చాయి. ఒక్క లెవెల్ తేడా కాబట్టి అప్పుడు మీకు కనిపించలేదు. ఆ తర్వాత Curves తో లేపి కాంట్రాస్ట్ పెంచారు, 30–50 కాస్తా 60–120 అయింది. విలువలు మాత్రం అవే 21. పట్టీకీ పట్టీకీ తేడా 3 లెవెల్స్ అయింది, అందుకే చారలు బయటపడ్డాయి.

చుట్టుగుంట గారు చెప్పినట్టు మోడ్ మారిస్తే కొత్త వివరం రాదు, నిజమే. కానీ 16 బిట్ దండగ మాత్రం కాదు. బ్లర్ చేయకముందే 16 కి మారిస్తే, నాయిస్ ఉన్న పిక్సెల్స్ సగటు 41.5 అలాగే నిలుస్తుంది, 41.2, 41.7 కూడా నిలుస్తాయి. జేపెగ్‌లో నాయిస్ రూపంలో దాగి ఉన్న మధ్య విలువలు అలా బయటికొస్తాయి. మీరు బ్లర్ అయ్యాక మార్చారు, అప్పటికే అవి రౌండ్ అయిపోయాయి. అందుకే ఏ మార్పూ రాలేదు. ఒరిజినల్ బ్యాక్‌గ్రౌండ్ లేయర్ దాచే ఉంటారు కదా, దాన్ని 16 కి మార్చి, బ్లర్ లేయర్ తీసేసి మళ్లీ చేయండి. Curves అడ్జస్ట్‌మెంట్ లేయర్‌ని ముట్టుకోనక్కర్లేదు.

బెంజ్ సర్కిల్ ఎడిటర్
అంటే నేను చెప్పింది కరెక్టే కదా అక్కా, 16 బిట్ అనేగా.

లబ్బీపేట శ్రావణి
16 వరకు కరెక్టే తమ్ముడూ, ఏ దశలో మార్చావన్నదే అసలు విషయం. ప్రోఫోటో మాత్రం ఈ ఫైల్‌కి వద్దు. ఎస్ఆర్‌జీబీలో పుట్టిన జేపెగ్‌ని అంత పెద్ద గామట్‌లోకి తీసుకెళ్తే చర్మానికి ఒరిగేదేమీ లేదు. ఎవరైనా దాన్ని 8 బిట్‌లో తెరిస్తే లెవెల్‌కీ లెవెల్‌కీ దూరం ఇంకా పెరిగి చారలు ఎక్కువవుతాయి.

చుట్టుగుంట స్టూడియో
సగటు సంగతి ఒప్పుకుంటానండి, అది నేను ఆలోచించలేదు. కానీ ఐఎస్ఓ తక్కువలో తీసిన జేపెగ్‌లోనో, కెమెరాయే నాయిస్ రిడక్షన్ గట్టిగా చేసేసిన దాంట్లోనో ఆ నాయిస్ ఉండదుగా. అప్పుడు ఏం మిగులుతుంది?

లబ్బీపేట శ్రావణి
అప్పుడు నిజంగానే పెద్దగా మిగలదు. చారలు కొంత మెత్తబడతాయి, అంతే. రా ఉంటే వేరు. ఇందాకటి 30–50 నీడ, 14 బిట్ రా ఫైల్‌లో దాదాపు 300 విలువలుగా ఉంటుంది, 12 బిట్‌లో 75 దాకా. అందుకే 12, 14 మధ్య తేడా గురించి కంటే రా, జేపెగ్ మధ్య తేడా గురించి ఎక్కువ పట్టించుకోవాలి. ఇంకోటి, రా తీసినా కెమెరా రా విండో కింద ఉండే లింకులో Depth `8 Bits/Channel` అని ఉంటే, ఫోటోషాప్‌లోకి వచ్చేది 256 లెవెల్సే. అక్కడ 16 పెట్టుకోండి. లైట్‌రూమ్‌లో అయితే `Preferences > External Editing` లో ఉంటుంది.

గవర్నర్‌పేట ప్రింటింగ్
ల్యాబ్ వైపు నుంచి ఒక మాట. మా మెషీన్‌కి 8 బిట్ జేపెగ్గే కావాలి, ఎస్ఆర్‌జీబీ, 300 డీపీఐ. 16 బిట్ టిఫ్ పంపినా మేం 8 చేసే ప్రింట్ వేస్తాం. మరి ఇంత శ్రమ ఎందుకు?

లబ్బీపేట శ్రావణి
బాబాయ్ గారూ, చివర్లో 8 కి రావడం తప్పు కాదు. ఎడిట్లన్నీ అయిపోయాక 60–120 మధ్య 61 విలువలూ నిండుగా ఉంటే, పట్టీకీ పట్టీకీ తేడా ఒక్క లెవెలే. అది ప్రింట్‌లో కనబడదు. దారి మధ్యలో 8 లో ఉండి లాగడం వల్లే నష్టం. దించే ముందు ఒక పని చేయాలి: లేయర్లన్నీ కలిపిన కాపీ మీద, 16 లో ఉండగానే, `Filter > Noise > Add Noise`, Amount 1, `Gaussian`, `Monochromatic` టిక్. 1% అంటే రెండు మూడు లెవెల్స్ మాత్రమే. మనం బ్లర్‌తో తీసేసిన నాయిస్ పని ఇది మళ్లీ చేస్తుంది. ఆ తర్వాత 8 కి మార్చి, జేపెగ్ క్వాలిటీ 11 కి తగ్గకుండా సేవ్ చేయాలి. క్వాలిటీ బాగా తగ్గిస్తే కంప్రెషన్ ఆ సన్న నాయిస్‌ని మింగేసి చారలు మళ్లీ తెస్తుంది. పెళ్లివాళ్లకి వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపినప్పుడు జరిగేదీ అదే, డాక్యుమెంట్‌గా పంపండి.

గవర్నర్‌పేట ప్రింటింగ్
1 పెడితే గ్లాసీ పేపర్ మీద మాకు ఏమీ తెలియదు. మ్యాట్ మీద 2 దాటితే ముఖం గరగరగా ఉందని పార్టీలు వెనక్కి పంపుతున్నారు.

చుట్టుగుంట స్టూడియో
మ్యాట్ మీద మేం 2.5 పెట్టినా ఎవరూ ఏమీ అనలేదు. పెద్ద షీటుకి 1 చాలదనే నా ఉద్దేశం.

బ్రాడీపేట కుర్రాడు
శ్రావణి గారూ, మళ్లీ చేశాను. చెంప చారలు పోయాయి, దవడ కింద బాగా చీకటిగా ఉన్న చోట మాత్రం కొద్దిగా మిగిలింది. హిస్టోగ్రామ్‌లో ఇందాక దువ్వెన పళ్లలా ఖాళీలు ఉండేవి, ఇప్పుడు నిండుగా ఉంది. నుదుటి మీద గులాబీ, ఆకుపచ్చ మచ్చలు మాత్రం పోలేదు.

లబ్బీపేట శ్రావణి
ఆ మచ్చలది వేరే కథ, బిట్ డెప్త్‌తో పోవు. చాలా జేపెగ్‌లలో వెలుగు పూర్తి రిజల్యూషన్‌లో ఉన్నా రంగు సగం రిజల్యూషన్‌లోనే ఉంటుంది. చీకట్లో తీసిన ఫోటోలో కెమెరా నాయిస్ రిడక్షన్ ఆ రంగుని ఇంకా ముద్దలు చేస్తుంది. మీరు లేపగానే ముద్దలు కనబడ్డాయి. 16 లోనే కలిపిన కాపీ ఇంకోటి తీసి, `Gaussian Blur` 25 పిక్సెల్స్ ఇచ్చి, లేయర్ మోడ్ `Color` పెట్టండి. వెలుగు, చర్మపు రంధ్రాలు కదలవు, రంగు మాత్రమే సర్దుకుంటుంది. మాస్క్ నల్లగా నింపి చర్మం మీద మాత్రమే తెల్ల బ్రష్ వేయండి. బొట్టు, పెదాలు, ముక్కుపుడక, వాటి చుట్టూ కొంచెం చోటు కూడా వదిలేయాలి, లేకపోతే బొట్టు ఎరుపు నుదుటి మీదకి పాకుతుంది.

ముఖం తెల్లగా రావాలని హెచ్ఎస్ఎల్‌లో ఆరెంజ్ ల్యూమినెన్స్ ఏమైనా లాగారా?

బ్రాడీపేట కుర్రాడు
లాగానండి, +40. పార్టీ అడిగారు.

లబ్బీపేట శ్రావణి
అది కూడా కారణమే. చెంప రంగు ఎరుపుకీ ఆరెంజ్‌కీ సరిహద్దులో ఉంటుంది. ఆరెంజ్ వైపు పడ్డ పిక్సెల్స్ వెలిగి, పక్కన ఎరుపు వైపు పడ్డవి అలాగే ఉండిపోతే చర్మం మచ్చలు మచ్చలుగా విరుగుతుంది. +10 కి దించి, రెడ్ కూడా దానికి దగ్గరగా పెట్టండి. మిగతా వెలుగు Curves తో ఇవ్వండి.

తెనాలి వీడియో
నా సిస్టమ్‌లో 8 జీబీ ర్యామే. 36 అంగుళాల షీటు 16 బిట్‌లో తెరిస్తే ఫోటోషాప్ పడుకుంటుంది. స్కిన్ ప్లగిన్ ఒకటి 16 లో అసలు పనే చేయదు. మాలాంటివాళ్లు ఏం చేయాలి?

లబ్బీపేట శ్రావణి
షీటంతా 16 లో అక్కర్లేదండి. క్లోజప్ ఫోటో ఒక్కటే విడిగా 16 లో రీటచ్ చేసి, నాయిస్ వేసి, 8 కి దించి, మీ 8 బిట్ షీటులో పెట్టుకోండి. షీటులోకి వచ్చాక దాని మీద మళ్లీ Curves, బ్లర్ వేయకండి. షీటు బ్యాక్‌గ్రౌండ్‌కి గ్రేడియంట్ వాడితే గ్రేడియంట్ టూల్ పైన `Dither` టిక్ ఉందో లేదో చూడండి. ప్లగిన్ సంగతి మాత్రం నా దగ్గర దారి లేదు, 16 లో పనిచేసేది వేరే చూసుకోవాలి.

బ్రాడీపేట కుర్రాడు
`Color` లేయర్‌తో నుదురు సర్దుకుంది. దవడ కింద మిగిలింది చిన్న బ్రష్‌తో నీడ ఇంకొంచెం ముదురు చేశాను, అక్కడ అంత వెలుగు అక్కర్లేదనిపించింది. 1 తో ఒకటి, 2 తో ఒకటి ముఖం ముక్కలు 8×12 లో పక్కపక్కన పెట్టి మ్యాట్ మీద ప్రింట్‌కి ఇస్తున్నాను. వచ్చాక రెండూ ఫోటో తీసి ఇక్కడ పెడతాను.

గవర్నర్‌పేట ప్రింటింగ్
ఫోటో తీసి పెడితే తేడా తెలియదు బాబూ. ట్యూబ్‌లైట్ కింద ఒకసారి, కిటికీ వెలుగులో ఒకసారి చేతిలో పట్టుకుని చూసి చెప్పు.