ట్యాబ్‌కి కీబోర్డు: ఓటీజీ వైరా, బ్లూటూతా? చార్జింగ్ పెట్టుకుని టైప్ చెయ్యడం అవుద్దా?

సింహాచలం మెట్లు:
నా దగ్గర ఆండ్రాయిడ్ ట్యాబ్ ఉంది, సీ టైప్. ఇంట్లో డెస్క్‌టాప్‌ది పాత వైర్ కీబోర్డు ఉంటే దాని పెద్ద పిన్ను ట్యాబ్ పోర్టులో పట్టేలా చేసే ఓటీజీ ముక్క కొనీసి పెట్టాను, బాగానే టైప్ అవుతోంది. కానీ ట్యాబ్‌కి ఉన్నది ఒకటే పోర్టు, కీబోర్డు పెడితే చార్జర్ పెట్టడానికి లేదు. రోజూ నాలుగైదు గంటలు నోట్స్ రాయాలి. ద్వారకానగర్‌లో షాపాయన్ని అడిగితే వైరు వేస్టు, బ్లూటూత్ తీసుకోండి అన్నాడు. నిజమేనా అండి?

గాజువాక కుర్రాడు:
షాపాయన కరెక్టే చెప్పాడు బ్రో. ఓటీజీ పెడితే కీబోర్డుకి కరెంటు ట్యాబ్ బ్యాటరీలోంచే పోతుంది, అంటే చార్జింగ్ పెట్టే దారీ లేదు, పైగా ఉన్న చార్జింగూ తాగేస్తుంది. ఇంకోటి, మా రూమ్మేట్ ఫోన్లో ఓటీజీ దానంతట అదే ఆఫ్ అయిపోద్ది, మళ్ళీ సెట్టింగ్స్‌లోకెళ్ళి ఆన్ చెయ్యాలి. బ్లూటూత్ అయితే ఒకసారి పెయిర్ చేస్తే చాలు, పోర్టు ఖాళీ, రోజంతా చార్జింగ్ పెట్టుకో. వైరే కావాలంటే ఓటీజీ ముక్క మానీసి సీ టు సీ కేబుల్‌తో వచ్చే కీబోర్డు కొనుక్కో, అది డైరెక్టుగా పనిచేసేస్తుంది.

సర్వీస్ బెంచి:
తమ్ముడూ, కరెంటు ట్యాబ్ నుంచే పోతుందన్న మాట నిజమే, కానీ ఎంత పోతుందో లెక్క కట్టకుండా తాగేస్తుంది అంటే ఎలా.

డెస్క్‌టాప్‌తో వచ్చే మామూలు రబ్బరు బటన్ల కీబోర్డు, ట్యాబ్‌కి తగిలించగానే తనకి గరిష్టంగా ఎంత కావాలో చెప్పుకుంటుంది. ఎక్కువ వాటిలో అది 100 మిల్లీ ఆంపియర్లు, నిజంగా వాడేది అంతకన్నా తక్కువే. సరే, పూర్తిగా 100 వాడిందే అనుకుందాం. 5 వోల్టుల మీద అది అర వాటు. ఐదు గంటలకి రెండున్నర వాట్ అవర్లు, ట్యాబ్ లోపల వోల్టేజీ పెంచడంలో పోయేది కలిపితే మూడు దాకా. 7000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ట్యాబ్‌లో మొత్తం ఉండేది 27 వాట్ అవర్లు. అంటే ఐదు గంటలు రాసినా కీబోర్డు వాటా తొమ్మిదో వంతు. అసలు తాగేది స్క్రీనే.

లెక్క ఎక్కడ మారుద్దంటే, రంగు రంగుల లైట్లు వెలిగే మెకానికల్ కీబోర్డు పెడితే. లైట్లన్నీ ఫుల్లుగా పెట్టి 300 మిల్లీ ఆంపియర్లు లాగిందనుకోండి, అదే ఐదు గంటలకి బ్యాటరీలో పావు వంతు పైనే పోతుంది. కొన్ని ట్యాబ్‌లు అంత ఇవ్వలేక కీబోర్డుని వదిలేస్తాయి కూడా. లైట్లు ఆరిపోయి మళ్ళీ వెలుగుతూ, మధ్యలో అక్షరాలు మిస్సవుతూ ఉంటే కారణం ఇదే అయ్యుండొచ్చు. ముందు లైట్లు ఆపి చూడండి.

ఇంక సింహాచలం గారు అడిగిన చార్జింగ్ సంగతి. సీ టైప్‌లో మామూలు పద్ధతి ఏంటంటే, కరెంటు ఇచ్చేవాడే హోస్టు, అంటే పెత్తనం వాడిదే. కీబోర్డు పెడితే ట్యాబ్ కరెంటు ఇస్తుంది కాబట్టి హోస్టు తనే, కీబోర్డు దాని మాట వింటుంది. అదే చార్జర్ వైపు నుంచి కరెంటు తీసుకోవడం మొదలెడితే హోస్టు పదవి పోతుంది, కీబోర్డు ఆగిపోతుంది. కరెంటు తీసుకుంటూనే హోస్టుగా ఉండాలంటే అవతలి దానితో ఒప్పందం చేసుకోవాలి, ఆ మాటలు మాట్లాడే భాషే పీడీ, పవర్ డెలివరీ. అది ట్యాబ్‌కీ రావాలి, చార్జరూ కీబోర్డూ రెండూ తగిలించడానికి మధ్యలో పెట్టే హబ్‌కీ రావాలి, ఏ ఒక్కదానికి రాకపోయినా అవ్వదు. అందుకే షాపులో అమ్మే వై ఆకారం చీప్ ముక్కలు ఒకరి ట్యాబ్‌లో పనిచేసి ఇంకొకరి దాంట్లో చెయ్యవు, దాన్ని చూసి జనం వైరే వేస్టు అనేస్తారు.

కొనేముందు షాపులోనే ట్యాబ్ పెట్టి చూడండి. హబ్ మీద చార్జింగ్ పోర్టు పక్కన పీడీ అని రాసి ఉండాలి. చార్జర్ కూడా సీ పోర్టు ఉన్న పీడీ చార్జరు కావాలి, పెద్ద ఏ టైప్ పోర్టు ఉండే ఫాస్ట్ చార్జర్లు ఎన్ని వాట్లని రాసున్నా ఈ పనికి నమ్ముకోలేం. ముందు హబ్‌కి చార్జర్, తర్వాత కీబోర్డు, చివర్లో ట్యాబ్. చార్జింగ్ గుర్తు వచ్చి, అదే టైములో క్యాప్స్ లాక్ నొక్కితే కీబోర్డు మీద చిన్న లైటు వెలిగి ఆరుతుంటే మీ ట్యాబ్‌కి పీడీ వచ్చినట్టే. రెండిట్లో ఏదో ఒకటే అవుతుంటే ఆ హబ్ తీసుకోకండి, ఇంకోటి పెట్టి చూడండి, దాంతోనూ అంతే అయితే ఇబ్బంది ట్యాబ్‌దే అయ్యుండొచ్చు.

వాల్తేరు టీచరు:
బాబూ, నాదీ ఇలాంటిదే ఒకటి చెప్పండి. మా అబ్బాయి పంపిన కీబోర్డుకి సీ టైప్ పోర్టు ఉంది. పైన ఆ బాబు అన్నట్టు సీ టు సీ కేబుల్‌తో నా ఫోన్‌కి పెడితే అసలు లైటే రాలేదు. కంప్యూటర్‌కి దాంతో వచ్చిన కేబుల్ పెడితే చక్కగా పనిచేస్తోంది. ఫోన్ పాడైందా, కీబోర్డు పాడైందా?

సర్వీస్ బెంచి:
రెండూ పాడవ్వలేదు మేడం. సీ పోర్టులో సీసీ అని చిన్న పిన్నులుంటాయి. కీబోర్డు వైపు ఆ పిన్నుల మీద 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు ఉండాలి, అవి కనిపిస్తేనే ఫోన్ అవతల కరెంటు కావాల్సిన వస్తువు ఉందని తెలుసుకుని 5 వోల్టులు వదులుతుంది. తక్కువ ధర కీబోర్డుల్లో కొందరు ఆ రెసిస్టర్లు వెయ్యరు. కంప్యూటర్‌కి ఉండే పెద్ద ఏ టైప్ పోర్టులో కరెంటు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అక్కడ లోపం బయటపడదు, సీ టు సీ పెట్టినప్పుడే పడుతుంది.

దీనికి మందు ఆ ఓటీజీ ముక్కే. కంప్యూటర్‌కి వాడుతున్న ఏ టు సీ కేబుల్‌ని ఓటీజీ ముక్కలో పెట్టి ఫోన్‌కి తగిలించండి. ఆ రెసిస్టరు ముక్కలోనే ఉంటుంది, కీబోర్డులో లేకపోయినా ఫర్వాలేదు. అందుకే సీ టు సీ డైరెక్టుగా పనిచేసేస్తుంది అన్న మాట అన్ని కీబోర్డులకీ నిజం కాదు.

ఒక్కటి గమనించండి. లైటు వచ్చి అక్షరాలు పడకపోతే అది వేరే జబ్బు, డేటా తీగలు లేని చార్జింగ్ కేబుల్ పెట్టి ఉండొచ్చు. క్యాప్స్ లాక్ లైటు వెలగమని చెప్పేది ఫోనే, కాబట్టి కీబోర్డు లైట్లన్నీ వెలుగుతున్నా ఆ ఒక్కటి మారట్లేదంటే కరెంటు వెళ్తోంది, మాట వెళ్ళట్లేదు.

వాల్తేరు టీచరు:
ముక్కతో పెట్టాను, పనిచేస్తోంది! చాలా థాంక్స్ బాబూ.

ఎన్ఏడీ జంక్షన్:
అన్నా నా ఫోన్ కింద పడి డిస్‌ప్లే మొత్తం నల్లగా అయిపోయింది, టచ్ లేదు, ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఈ ఓటీజీ కీబోర్డు పెట్టి లాక్ తియ్యచ్చా?

గాజువాక కుర్రాడు:
ప్యాటర్న్ అయితే కీబోర్డుతో కష్టం. పిన్ అయితే స్పేస్ నొక్కి, పిన్ కొట్టి, ఎంటర్ నొక్కి చూడు, ఓపెన్ అయ్యే చాన్సుంది. కానీ మా రూమ్మేట్ దాంట్లోలా ఓటీజీ బటన్ ఆఫ్‌లో ఉండే ఫోనైతే నీకు ఆ బటన్ కనపడదు కదా, అక్కడే ఆగిపోతావు. ఓపెన్ అయ్యాక కూడా ఏం చేస్తున్నావో చూడ్డానికి స్క్రీన్ కావాలి, డిస్‌ప్లే మార్పించడమే సుఖం.

సర్వీస్ బెంచి:
అవును. ఆ బటన్ ఉన్న ఫోన్లు పది నిమిషాలు ఏమీ తగిలించకుండా వదిలేస్తే ఓటీజీ ఆపేస్తాయి. కీబోర్డు తగిలించి వాడుతున్నంత సేపు అది అడ్డం కాదు, కాబట్టి ఆ కారణంతో వైరు వద్దనక్కర్లేదు.

గాజువాక కుర్రాడు:
అన్నా, మీ లెక్క బానే ఉంది, కానీ పోర్టు సంగతి చెప్పలేదు. రోజూ ముక్క పెట్టి తీసి పెట్టి తీసి చేస్తే పోర్టు వదులవ్వదా? ట్యాబ్‌కి ఉన్నది అదొక్కటే, పోతే చార్జింగ్ కూడా పోయినట్టే. నేను బస్సులో ఒళ్ళో పెట్టుకుని రాస్తాను, వైరు తగిలి ముక్క వంగిపోయేది. బ్లూటూత్‌లో ఆ గొడవే లేదు.

సర్వీస్ బెంచి:
బస్సులో అయితే నేనూ బ్లూటూతే అంటాను. గట్టి ముక్క పోర్టులోంచి బయటికి పొడుచుకుని ఉంటే దెబ్బ నేరుగా పోర్టు మీద పడుతుంది. బల్ల మీద రాసేవాళ్ళు ముక్క బదులు జానెడు తీగ ఉన్న ఓటీజీ కేబుల్ తీసుకుంటే కదలికంతా తీగలోనే పోతుంది. మన ఊళ్ళో ఇంకో శత్రువు ఉప్పు గాలి. బీచ్ వైపు ఇళ్ళ నుంచి నా దగ్గరికొచ్చే పోర్టుల్లో పిన్నుల మీద పచ్చ మరక చాలాసార్లు చూస్తాను. ముక్కని కిటికీ దగ్గర పడెయ్యకుండా డబ్బాలో పెట్టుకోండి, పోర్టులో తడి ఉందని ట్యాబ్ హెచ్చరిస్తే ఆరేదాకా ఏమీ పెట్టకండి.

బ్లూటూత్‌కీ ఒక ఇబ్బంది ఉంది తమ్ముడూ, కాసేపు ఆపితే కీబోర్డు నిద్రపోతుంది, మళ్ళీ మొదలెట్టినప్పుడు మొదటి ఒకటి రెండు అక్షరాలు పడకపోవచ్చు. ఆలోచించి ఆలోచించి రాసేవాళ్ళకి అది చిరాకు.

గాజువాక కుర్రాడు:
అది ఒక బటన్ నొక్కి లేపితే అయిపోద్ది అన్నా, దానికోసం వైరు మోసుకు తిరగలేను. నా ఓటు బ్లూటూత్‌కే.

సింహాచలం మెట్లు:
షాపుకెళ్ళి చూసొచ్చాను. ముందు వై ముక్క పెడితే చార్జింగ్ గుర్తు వచ్చింది, కీబోర్డు చచ్చిపోయింది, అచ్చం బెంచి గారు చెప్పినట్టే. తర్వాత పీడీ అని రాసున్న హబ్, వాళ్ళ సీ చార్జర్‌తో పెడితే చార్జింగూ వస్తోంది, క్యాప్స్ లాక్ లైటూ మారుతోంది. హబ్ తీసేసుకున్నాను. ఇంట్లో ఒకటి గమనించాను, కరెంటు పోయినప్పుడు కీబోర్డు ఓ క్షణం ఆగి మళ్ళీ వస్తోంది, ఆ మధ్యలో కొట్టిన అక్షరాలు పడట్లేదు. హబ్ పాడా?

సర్వీస్ బెంచి:
పాడు కాదండి. చార్జర్ పోగానే కరెంటు ఇచ్చే పని మళ్ళీ ట్యాబ్ మీద పడుతుంది, ఆ మార్పులో హబ్ ఒకసారి తెగి కలుస్తుంది. కీబోర్డుకైతే ఓ క్షణం ఆగి వాక్యం చూసుకుని కొనసాగించండి. అదే హబ్‌కి పెన్‌డ్రైవ్ పెట్టి కాపీ చేస్తుంటే మాత్రం ప్రమాదం, ఫైలు సగంలో పాడవ్వచ్చు. కరెంటు పోయొచ్చే టైములో అది చెయ్యకండి.

వాల్తేరు టీచరు:
అన్నీ పనిచేస్తున్నాయి గానీ కీబోర్డుతో ఇంగ్లీషే పడుతోంది బాబూ, నాకు తెలుగు కావాలి. వేలితో రాసేటప్పుడు తెలుగు వస్తుంది కదా?

సర్వీస్ బెంచి:
కీబోర్డు పంపేది ఏ బటన్ నొక్కామన్న నంబరే మేడం, అక్షరం ఏదో నిర్ణయించేది ఫోను. సెట్టింగ్స్‌లో `Physical keyboard` అని వెతకండి, అక్కడ లేఅవుట్ల లిస్టులో తెలుగుందేమో చూడండి. ఫోన్‌ని బట్టి ఉంటుంది, ఉండదు. లేకపోతే బయటి కీబోర్డుని కూడా పట్టించుకునే తెలుగు కీబోర్డు యాప్ వేసుకోవాలి.

సింహాచలం మెట్లు:
మేడం, ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ నేర్చుకోండి, నేను దాంట్లోనే రాస్తాను. కె నొక్కితే క, ఎల్ నొక్కితే త, డి నొక్కితే పొల్లు. ‘క్త’ కావాలంటే కె, డి, ఎల్. హిందీకీ అవే స్థానాలు.

వాల్తేరు టీచరు:
నాకు ఇంగ్లీషు అక్షరాల్లో అమ్మ అని కొడితే తెలుగులో రావాలి బాబూ, ఈ వయసులో కొత్త స్థానాలు కష్టం. మీలో ఎవరైనా బయటి కీబోర్డుతో అలా రాస్తున్నారా? రాస్తుంటే ఏ యాప్, ఏ ఫోనో కూడా చెప్పండి.