ఫోన్‌ల నా పేరు ‘మంద’ అంటే ‘నందా’ అని రాసుకుంటున్నరు, ఎట్ల చెప్పాలె?

దీప్తి_హన్మకొండ:
అందరికి నమస్తే. మొన్న మా బాపుకు హెల్త్ పాలసీ తీసుకున్నం, నామినీ నేను. ఫోన్‌ల మాట్లాడినామె హిందీ ఆమె, పేరు అడిగితే ఒక్కొక్క అక్షరం చెప్పిన, ఎమ్, ఏ, ఎన్, డి, ఏ, తర్వాత డి, డబుల్ ఈ, పి, టి, హెచ్, ఐ అని, నిదానంగనే చెప్పిన. వారానికి కాయితం వస్తే అండ్ల NANDA DIPTI అని ఉన్నది. ఆధార్‌ల MANDA DEEPTHI. ఇప్పుడు కరెక్షన్‌కు మళ్ల ఫోన్ చేయాలె, మళ్ల అదే గోస. విమానాలోళ్లు ఆల్ఫా బ్రావో అంటరు గదా, అది మనం వాడచ్చా? వాడితే అవతలోళ్లకు తెలుస్తదా?

ఓరుగల్లు_బాబాయి:
అది రెండో ప్రపంచ యుద్ధంల మిలిటరీ వాళ్లు చేసుకున్నది బిడ్డా, మనకెందుకు. ఊర్ల పేర్లు చెప్పు. నాది ఎరువుల దుకాణం, ముప్పై ఏండ్ల నుంచి ఆర్డర్లు ఫోన్‌ల అట్లనే ఇస్తున్న. ఎమ్ ఫర్ ములుగు, ఎన్ ఫర్ నర్సంపేట, డబ్ల్యూ ఫర్ వరంగల్. ఎన్నడు తప్పు పోలే.

పరకాల_శీను:
పేరు మార్చాలంటే నోటరీ అఫిడవిట్ చేయించాలె, పేపర్ల ప్రకటన ఇయ్యాలె, తర్వాత గెజిట్. మా బామ్మర్దికి చేయించినం, మస్తు తిరిగినం.

దీప్తి_హన్మకొండ:
అన్నా నేను పేరు మార్చుకుంటలేను, ఉన్న పేరు చెప్పుడే కష్టమైతాంది 😅

కాజీపేట_సిగ్నల్:
ఎయిర్ ఫోర్స్‌ల పదిహేనేండ్లు సిగ్నల్స్‌ల చేసిన, రోజూ ఇదే పని కాబట్టి చెప్తున్న. బాబాయి చెప్పింది సగం నిజం. యుద్ధంల అమెరికా వాళ్లు వాడింది వేరే లిస్టు, అది ఏబుల్, బేకర్ అని మొదలైతది. ఇప్పుడు అందరు వాడే ఆల్ఫా బ్రావో లిస్టు 1956 మార్చి 1 నుంచి విమానాలకు అమల్లకు వచ్చింది. ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిషు వాళ్లు ఎవరు పలికినా ఇంకో మాటలెక్క వినవడొద్దని మాటలు ఏరిండ్రు. ఎంతదాక చూసిండ్రంటే ఆల్ఫాకు పీ హెచ్ తీసేసి ఎఫ్ పెట్టిండ్రు, జూలియెట్‌కు చివర రెండు టీలు పెట్టిండ్రు, లేకుంటే ఫ్రెంచోళ్లు ఆ టీని మింగేస్తరని.

ఇగ నీ పేరు సంగతి. ఎమ్, ఎన్ రెండు ముక్కుతోని పలికేటియే, ముందు ‘ఎ’ కూడ ఒక్కటే. పెదవులు మూస్తమా, నాలుక పండ్లకు ఆనిస్తమా, అంతే తేడా. ఎదురుంగ ఉన్నోళ్లు మూతి చూసి పట్టుకుంటరు, ఫోన్‌ల మూతి కనవడదు. డి, పి, టి, ఈ అయితే ఇంకా అధ్వాన్నం, అన్నీ ‘ఈ’ తోనే అయిపోతయి, ముందల చిన్న చప్పుడు మాత్రమే వేరు. పాత ఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకనే మోస్తది, ఆ చిన్న చప్పుళ్లల్ల మస్తు దాని బయటనే ఉంటయి. ఎస్, ఎఫ్ కలిసిపోయేది కూడ అందుకే.

కాని నీ కాడ ఇంకోటి జరిగింది. నందా, దీప్తి రెండూ అటుదిక్కు వాళ్లకు బాగా తెలిసిన పేర్లు. చెవి సగం వింటే మెదడు మిగిలింది తెలిసిన పేరుతోని నింపుకుంటది. అందుకే రెండు ఈలు, హెచ్ ఆమె విన్నా రాయలేదు కావచ్చు.

హెడ్‌సెట్_రవి:
కస్టమర్ కేర్‌ల మూడేండ్లు చేసిన, సిగ్నల్ అన్న చెప్పింది కరెక్టే. మేము పేరు వినంగనే టైప్ చేస్తం, తర్వాత అక్షరాలు చెప్తుంటే ఆల్రెడీ టైప్ అయినదాంతోని సరిపోతుందా లేదా అన్నట్టు వింటం, కొత్తగ వినం, తప్పే కాని నిజం. అందుకని అక్కా ముందు పేరు చెప్పకు, “నేను అక్షరాలు చెప్తా, రాసుకోండి” అని మొదలువెట్టు. అయిపోయినంక “చదివి వినిపించండి” అను. వాళ్లు పేరు చదువుతరు, ఆగకు, అక్షరాలు చదవమను. DIPTI, DEEPTHI రెండూ చదివితే దీప్తియే గదా.

ఇంగొకటి, బాబాయి ఏమనుకోకు, మా ఫ్లోర్‌ల ఎవరన్న ‘డబ్ల్యూ ఫర్ వరంగల్’ అంటే పక్క రాష్ట్రాల పిలగాండ్లు వీ కొట్టేటోళ్లు. మనం పలికేది వరంగల్ అని, స్పెల్లింగ్ తెల్వనోనికి అది వీ యే.

కాజీపేట_సిగ్నల్:
అసలు ముచ్చట అదే. మాట వినవడుడొక్కటే కాదు, దాని స్పెల్లింగు విన్నోనికి ముందే తెలిసి ఉండాలె. ఏటూరునాగారం అని ఈ కోసం చెప్తే ఏ రాసుకుంటరు, జహీరాబాద్ అని జెడ్ కోసం చెప్తే జే రాసుకుంటరు. మన ఊర్లు మన జిల్లాల వరకు బాగానే నడుస్తయి. బాబాయి ఆర్డర్లు తప్పు పోకపోవుడు కూడ అవతల ఉన్నది మనోళ్లే కాబట్టి.

జగిత్యాల_దుబాయ్:
నేను దుబాయ్‌ల స్టోర్ కీపర్. ఇక్కడ ఆల్ఫా బ్రావో అందరికి వస్తదనుకోకుండ్రి. మా అరబ్బు సూపర్‌వైజర్ పాపా అంటే నాకు బాబా అనే వినవడ్తది, వాళ్ల భాషల ఆ పీ లేదు గదా, పార్ట్ నంబర్ల పీ బదులు బీ రాసి రెండుసార్లు సామాను వాపస్ పోయింది. ఇప్పుడు పీ వస్తే వాట్సాప్‌ల రాసి పంపమంటున్న, ఇంకో దారి దొరకలే.

దీప్తి_హన్మకొండ:
అంటే నేను మైక్ ఆల్ఫా నవంబర్ డెల్టా ఆల్ఫా అంటే సరిపోతదా? డబుల్ ఈ ఎట్ల?

కాజీపేట_సిగ్నల్:
రేడియోల ఒట్టిగ మైక్, ఆల్ఫా అంటరు, డబుల్ అనే మాటే ఉండదు, ఎకో ఎకో అని రెండుసార్లు అంటరు. డబుల్ అంటే అవతలోడు ఆ ఒక్క మాట మిస్సయినా అక్షరం పోతది, పైంగ డబుల్ యూ అంటే డబ్ల్యూనా, రెండు యూలా? కాని నువ్వు మాట్లాడేది రేడియో ఆపరేటర్‌తోని కాదు, కాబట్టి అక్షరం కూడ ముందు చెప్పు, ఎమ్ ఫర్ మైక్ అని. క్యూబెక్, సియెర్రా లాంటియి తెల్వనోళ్లకు చెప్పకు. క్యూబెక్‌ను రేడియోల ‘కెబెక్’ అని పలుకుతరు, అలవాటు లేనోడు కే రాస్తడు. క్యూకు క్వీన్, ఎస్‌కు సన్ అంటే ఎవరికైనా అర్థమైతది.

దీప్తి_హన్మకొండ:
ఇయ్యాల ఫోన్ చేసిన! రవి చెప్పినట్టు పేరు చెప్పకుండనే షురూ చేసిన. ఎమ్ ఫర్ మైక్ కాడ ఏం ఇబ్బంది కాలే. రెండో పేరుకు వచ్చేసరికి కొంచెం జోష్‌ల అక్షరాలు వదిలేసి డెల్టా ఎకో ఎకో పాపా టాంగో హోటల్ అన్న. ఆయన ఆగి “మేడం మీరు హోటల్‌ల ఉన్నరా, తర్వాత చేయమంటారా” అన్నడు 🤦 మళ్ల మొదటి నుంచి టీ ఫర్ టాంగో, హెచ్ ఫర్ హోటల్ అని చెప్పిన. చదివి వినిపించమంటే ముందు ‘మందా దీప్తి’ అని చదివిండు, అక్షరాలు అనంగనే హెచ్ లేదని ఆయనే చూసుకున్నడు. ఇప్పుడు సరిచేసిండు, మెయిల్‌ల MANDA DEEPTHI అని వచ్చింది.

హెడ్‌సెట్_రవి:
పాలసీ కాయితం వచ్చినంక ఒకసారి చూస్కో అక్కా, మెయిల్‌ల పేరు ఒక దిక్కు నుంచి వస్తది, ప్రింట్‌ది ఇంకో దిక్కు నుంచి.

ఓరుగల్లు_బాబాయి:
సరే ఒప్పుకుంటున్న, బయటి రాష్ట్రపోళ్లకు వరంగల్ అనను. మరి డబ్ల్యూకు లిస్టుల విస్కీ అని ఉన్నది. దుకాణంల పొద్దున పదింటికి విస్కీ విస్కీ అని ఫోన్‌ల ఒర్లితే మీ చిన్నమ్మ ఊకుంటదా?

కాజీపేట_సిగ్నల్:
వాటర్ అను బాబాయి, స్పెల్లింగు అందరికి తెలుసు.

ఓరుగల్లు_బాబాయి:
అది కలుపుకునేది గదా, ఇంకా అనుమానపడ్తది.