కాలు ఎర్రబడి వేడెక్కింది: యాంటీబయాటిక్ ఈ రాత్రే మొదలుపెట్టాలా, రెండు రోజులు ఆగి చూడాలా?

పెద్దబ్బాయి

మా అమ్మకు 58 ఏళ్లు. నిన్న సాయంత్రం వణికించే చలితో 102 డిగ్రీల జ్వరం వచ్చింది. తెల్లవారేసరికి ఎడమ చీలమండ పైన అరచేయంత మేర ఎర్రబడింది, మధ్యాహ్నానికి అది రెండింతలైంది. చీము, బొబ్బలు లేవు. డాక్టరుగారు ఇది సెల్యులైటిస్, అంటే చర్మం లోపల బాక్టీరియా వల్ల వచ్చే ఇన్ఫెక్షన్ అని చెప్పి, సెఫలెక్సిన్ 500 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు నాలుగుసార్లు వేయమన్నారు. మామయ్య మాత్రం అంత తొందర అక్కర్లేదు, రెండు రోజులు ఆగి చూద్దామంటున్నారు. ఎవరి మాట వినాలి?

నిదానం

మీ మామయ్యగారి మాటను తేలిగ్గా తీసిపారేయకండి. ఎర్రబడిన ప్రతి కాలూ సెల్యులైటిస్ కాదు. ఆ పేరుతో ఆసుపత్రిలో చేర్చుకున్నవారిలో సుమారు మూడో వంతు మందికి అసలు జబ్బు వేరే ఉంటుందని తేల్చిన పరిశోధనలు ఉన్నాయి. మా బంధువు ఒకరికి రెండు కాళ్లూ ఎర్రబడి దురద పెడితే, ఒకటి తరువాత ఒకటిగా మూడు రకాల యాంటీబయాటిక్‌లు వాడించారు. చివరికి అది సిరల్లో రక్తం నిలిచిపోవడం వల్ల వచ్చిన ఎగ్జిమా అని తేలింది. అవసరం లేని మందు వాడి విరేచనాలు కొనితెచ్చుకోవడం కంటే, ఒకటి రెండు రోజులు కాలు ఎత్తి పెట్టి గమనించడంలో తప్పేముంది?

వార్డు వైద్యురాలు

నిదానం గారు చెప్పిన ఆ మూడో వంతు లెక్క నిజమే, ఆయన బంధువుకు జరిగింది మేము తరచూ చూసే పొరపాటే. అయితే ఆ లెక్క ఈ అమ్మగారికి వర్తిస్తుందా అన్నది చూడాలి. సిరల జబ్బు వల్ల వచ్చే ఎరుపు సాధారణంగా రెండు కాళ్లకూ ఉంటుంది, వారాల తరబడి ఉంటుంది, దురదతో పొట్టు రాలుతుంది, జ్వరం తేదు. పడుకోబెట్టి కాలిని ఒకటి రెండు నిమిషాలు పైకెత్తి పట్టుకుంటే ఆ ఎరుపు చాలావరకు పాలిపోతుంది, సెల్యులైటిస్ ఎరుపు అలా పోదు. ఇక్కడ ఒకే కాలు, ఎరుపు కనబడక ముందే వణుకుతో జ్వరం, కొన్ని గంటల్లోనే రెండింతలైన మచ్చ. ఆగి చూస్తే ఏమి తెలుస్తుందని మామయ్యగారు అనుకుంటున్నారో, అది ఉదయం నుంచి మధ్యాహ్నం లోపే తెలిసిపోయింది.

తొందర ఎందుకో కూడా చెబుతాను. చీము లేని ఇటువంటి సెల్యులైటిస్‌కు ఎక్కువసార్లు స్ట్రెప్టోకాకస్ జాతి బాక్టీరియా కారణం. అది ఒకచోట గడ్డ కట్టి కూర్చోదు, చర్మం లోపలి పొరలోనూ దాని కింది కొవ్వులోనూ పరుచుకుంటూ పోతుంది, కాలిలో చేరే నీటిని పైకి తీసుకెళ్లే లింఫు నాళాల వెంట పైకి పాకుతుంది. అందుకే కొందరికి కాలికంటే ముందు గజ్జల్లో బిళ్ల కడుతుంది. ఆ వాపులో లింఫు నాళాలు దెబ్బతింటాయి, కొన్ని మళ్లీ పూర్తిగా కోలుకోవు. అప్పుడు కాలిలో నీరు సరిగా పైకి ఎక్కక వాపు మిగిలిపోతుంది, ఆ వాపు ఉన్న కాలికే మళ్లీ సెల్యులైటిస్ వస్తుంది. వాపు పెరిగేకొద్దీ కాలు తేరుకోవడం కూడా ఆలస్యమవుతుంది కాబట్టి మందు తొందరగా పడాలి.

రెండో కారణం ఇంకా సూటిగా ఉంటుంది. ఇప్పుడామె తిని మాత్ర మింగగలుగుతున్నారు, కాబట్టి ఇంట్లోనే నయం చేసుకునే అవకాశం ఉంది. రక్తంలోకి ఇన్ఫెక్షన్ చేరి, వాంతులు మొదలై, రక్తపోటు పడిపోయిన తరువాత అదే మందు నోటితో ఇచ్చి లాభం ఉండదు, ఆసుపత్రిలో నరానికి ఇంజెక్షన్లు ఇవ్వాల్సి వస్తుంది. కొందరిలో ఈ మార్పు ఒక్క రాత్రిలోనే జరుగుతుంది.

మొదటి మాత్ర ఈ రాత్రే వేయండి. పెన్సిలిన్ జాతి మందులకు ఇదివరకు ఎప్పుడైనా ఒళ్లు దద్దుర్లెక్కడం, ఊపిరాడకపోవడం జరిగి ఉంటే మాత్రం వేసే ముందే డాక్టరుగారికి చెప్పాలి. ఎరుపు అంచు వెంట బాల్‌పెన్నుతో గీత గీసి, పక్కన తేదీ, సమయం రాయండి. పడుకున్నప్పుడు కాలు తుంటి కంటే ఎత్తులో ఉండేలా దిండ్లు పెట్టండి. అమ్మగారి కాలి వేళ్ల సందులు కూడా విప్పి చూడండి, అక్కడ చర్మం తెల్లగా నాని పగిలి ఉంటే బాక్టీరియా లోపలికి వచ్చిన దారి బహుశా అదే.

చిన్నమాట

మా ఇంట్లో ఎప్పుడో మూత్రంలో మంటకు రాసిన సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలు మిగిలి ఉన్నాయి. మందుల దుకాణం మూసేసి ఉంటే, తెల్లవారేదాకా అటువంటిదేదైనా ఒకటి వేసుకోవచ్చు కదా? ఏదో ఒక యాంటీబయాటిక్ అంటూ పడాలి కదా!

వార్డు వైద్యురాలు

వద్దండి. సిప్రోఫ్లాక్సాసిన్ స్ట్రెప్టోకాకస్‌పై సరిగా పనిచేయదు. అది వేసి మందు పడిందని నిశ్చింతగా నిద్రపోతే ఆ రాత్రంతా వృథా అయినట్టే. రాసిన మందు దొరకకపోతే, రాత్రి తెరిచి ఉండే ఆసుపత్రికి వెళ్లి మొదటి మోతాదు అక్కడే అడగడం మంచిది.

పాదచారి

నాకు ఇదే జబ్బు ఒకే కాలికి మళ్లీ మళ్లీ వచ్చింది. చివరికి మా డాక్టరు రోజుకు రెండు పూటలా 250 మిల్లీగ్రాముల పెన్సిలిన్ ఏడాదిపాటు వాడమన్నారు, వాడినంత కాలం మళ్లీ రాలేదు. కాబట్టి ఒక వారం కోర్సుతో ఆపకుండా, అమ్మగారికి కూడా ఏడాది కోర్సు రాయించుకోండి. అంతకంటే ముందు వేళ్ల సందుల్లో ఫంగస్‌కు క్రీము రాయండి, నా కాలికి మూలం అదే.

వార్డు వైద్యురాలు

పాదచారి గారూ, మీకు ఇచ్చిన చికిత్స పదే పదే వచ్చేవారికి సంబంధించినది, ఈ అమ్మగారికి ఇదే మొదటిసారి. మీ పద్ధతికి మంచి ఆధారమే ఉంది. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో, కాలికి పదే పదే సెల్యులైటిస్ వచ్చే 274 మందిలో సగం మందికి ఏడాదిపాటు పెన్సిలిన్, మిగతావారికి ఉత్త మాత్ర ఇచ్చారు. పెన్సిలిన్ వాడినవారిలో 22 శాతం మందికి, వాడనివారిలో 37 శాతం మందికి మళ్లీ వచ్చింది. అయితే మాత్రలు ఆపిన తరువాత ఆ రక్షణ క్రమంగా తగ్గిపోయింది. మొదటిసారికే ఏడాది కోర్సు ఎవరూ రాయరు. వేళ్ల సందుల క్రీము సంగతి మాత్రం నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను.

పెద్దబ్బాయి

రాత్రి తొమ్మిదింటికి మొదటి మాత్ర వేసి, అంచు చుట్టూ గీత గీశాను. ఇప్పుడు దాదాపు 20 గంటలు గడిచాయి. ఎరుపు గీత దాటి మోకాలి వైపు రెండు వేళ్ల వెడల్పు పాకింది. జ్వరం 99.5కు దిగింది, వణుకు లేదు, ఉదయం ఇడ్లీ అడిగి తిన్నది. మామయ్య ఇప్పుడు మందు పనిచేయడం లేదంటున్నారు. మందు మార్చమని అడగాలా?

నిదానం

మందు మొదలుపెట్టడం విషయంలో నేను వాదన విరమించుకుంటాను. కానీ గీత గీసిందే దాటిందా లేదా చూడటానికి కదా? దాటిందంటే మందు ఓడిపోయినట్టే. వెంటనే ఇంజెక్షన్‌కు మారడమే క్షేమం.

వార్డు వైద్యురాలు

మొదటి రోజున గీత దాటడాన్ని ఓటమిగా తీసుకోకూడదు. మందు పడ్డాక బాక్టీరియా చస్తున్నప్పుడు వాటి ముక్కలు బయటపడతాయి, వాటిపై శరీరం చూపే కోపం వల్ల వాపూ ఎరుపూ మరో 24 నుంచి 48 గంటలు కొద్దిగా పెరగవచ్చు. బాక్టీరియా తగ్గిపోతూ ఉన్నా ఎరుపు పెరుగుతున్నట్టు కనబడే వింత పరిస్థితి అది. ఎరుపు చివరగా తగ్గేది, మొదట తగ్గేవి వణుకూ జ్వరమూ. ఈ అమ్మగారికి అవి రెండూ తగ్గాయి, ఆకలి తిరిగి వచ్చింది. మధ్యలో ఎరుపు పలచబడిందా, నిన్న నిగనిగలాడుతూ బిగిసిన చర్మంపై సన్నని ముడతలు కనబడుతున్నాయా చూడండి. అవి కనబడితే మందు పనిచేస్తున్నట్టే.

48 గంటలు దాటాక కూడా జ్వరం ఉండి అంచు ముందుకే సాగుతుంటే అప్పుడు మందు గురించీ, అసలు జబ్బు గురించీ మళ్లీ ఆలోచించాలి. లోపల చీము చేరిందేమో, సిరలో రక్తం గడ్డకట్టిందేమో స్కానింగ్‌లో చూడాలి.

ఈ 48 గంటల గడువు వర్తించని సందర్భం ఒకటి ఉంది. పైకి కనబడే ఎరుపుకు ఏమాత్రం పొంతన లేనంత భరించలేని నొప్పి, ఊదా లేదా నలుపు రంగుకు తిరిగి కమిలిన చర్మం, నెత్తురు బొబ్బలు, నొప్పి పోయి మొద్దుబారిపోవడం, మనిషి మాట తడబడటం. వీటిలో ఏది కనబడినా గీతలు చూసుకుంటూ కూర్చోకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి. చర్మం కింది పొర కుళ్లిపోయే ఆ జబ్బుకు యాంటీబయాటిక్ ఒక్కటే చాలదు, ఆపరేషన్ చేసి ఆ భాగాన్ని తీసేయాలి.

రాత్రి డ్యూటీ

నేను నర్సుగా పనిచేస్తాను. చామనఛాయ, నలుపు ఉన్నవారిలో ఎరుపు సరిగా కనబడక గోధుమ రంగులోనో ఊదాగానో ఉంటుంది, గీత ఎక్కడ గీయాలో కూడా తెలియదు. నేను మాత్రం వేళ్ల వెనుక భాగంతో కింది నుంచి మోకాలి దాకా తాకుతూ వెళ్లి, వేడి ఎక్కడ ఆగుతుందో అక్కడ గుర్తు పెడతాను. రెండో కాలిని కూడా అదే ఎత్తులో తాకి పోల్చుకోవాలి. ఎరుపు కనబడక రోగి ఆలస్యంగా వచ్చిన సందర్భాలు నేను చాలా చూశాను.

నిదానం

సరే, ఇంకొక్క మాట. ఈ కోర్సు ఎన్నాళ్లు? మా డాక్టరు ఎప్పుడూ పది రోజులంటారు, కొందరు ఐదు చాలంటారు. ఎరుపు పూర్తిగా పోయేదాకా వాడాలన్నది నా అభిప్రాయం.

వార్డు వైద్యురాలు

ఎరుపు పూర్తిగా పోయేదాకా వాడితే కొందరికి నెలదాకా వాడాలి. ఇన్ఫెక్షన్ పోయాక కూడా కాలు కొన్ని వారాలు కొద్దిగా వాచి, గోధుమ రంగుతో, పొట్టు రాలుతూ ఉండవచ్చు, దానికి మందు అక్కర్లేదు. అమెరికాలోని అంటువ్యాధుల వైద్యుల సంఘం 2014 మార్గదర్శకాల్లో, మెరుగుపడుతున్నవారికి ఐదు రోజులు చాలన్నది, మెరుగుదల లేనివారికే పొడిగించమన్నది. వాపు ఎక్కువగా ఉన్న కాలికి నేను ఏడు రోజులు రాస్తాను, మా విభాగంలోనే ఒక సహోద్యోగి దాన్ని అనవసరం అంటారు, ఆ వాదన మా మధ్య ఇంకా తేలలేదు. అమ్మగారి విషయంలో ఐదో రోజున వాపును చూసి నిర్ణయించమని మీ డాక్టరుగారినే అడగండి.