ఇంటిపని ఇంటర్వ్యూలు: కోడ్‌ల నుంచి థీమ్‌కి వెళ్లడంలో సాయం కావాలి

నమస్కారం. హైదరాబాద్‌లో ఇళ్లలో పనిచేసే మహిళల ఇంటర్వ్యూలతో ఎం.ఏ. డిసర్టేషన్ రాస్తున్నాను. కోడింగ్ అయింది, ఫైండింగ్స్ దగ్గర ఆగిపోయాను.

‘వేరే గ్లాసు’, ‘మిగిలిన కూర’, ‘పండక్కి చీర’, ‘అడ్వాన్సు’, ‘మా ఇంటి మనిషివే అంటారు’ నా కోడ్‌లలో కొన్ని. వీటిని ‘జీతం’, ‘మర్యాద’ అని రెండు గుంపులు చేస్తే, అవి నేనడిగిన ప్రశ్నల పేర్లే గానీ థీమ్‌లు కావన్నారు మా గైడ్ గారు. నిజమే. కోడ్‌లు పక్కనపెట్టి ట్రాన్స్‌క్రిప్టులు మళ్లీ చదివితే, ‘ఇంటి మనిషివే’ అన్న మాట ఎక్కువగా సెలవో, జీతం పెంపో అడిగినప్పుడే వస్తోంది. ఒకావిడైతే "ఇంటి మనిషినైతే నాకు గ్లాసు వేరే ఎందుకమ్మా?" అని నన్నే అడిగారు. అందుకే థీమ్‌ని ఇలా వాక్యంగా రాసుకున్నాను: ‘ఇంటి మనిషి అనడంతో హక్కుగా రావాల్సింది దయగా మారుతుంది.’

కానీ ఇద్దరు, ఆ చనువు వల్లే పిల్లల ఫీజుకు అడ్వాన్సు దొరికిందని సంతోషంగా చెప్పారు. వాళ్లను ఇదే థీమ్‌లో భిన్నమైన అనుభవంగా చూపాలా, థీమ్ వాక్యాన్నే మార్చాలా? ‘వేరే గ్లాసు’ కులం గురించిన థీమ్‌కీ సరిపోతుంది. ఒకే కోట్ రెండుచోట్ల వాడొచ్చా? ఇలాంటి పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి.