టెక్స్టులు సగం ఆగిపోతున్నాయి: నంబర్లు పెంచాలా, లిస్టు కోయాలా?

ప్లేనో_కర్రీపాయింట్: ప్రతి శుక్రవారం వీకెండ్ స్పెషల్స్ మెనూ టెక్స్టు చేస్తాం. ట్విలియో అనే మెసేజింగ్ సర్వీసు మీద నడుస్తుంది. అమెరికాలో బిజినెస్ టెక్స్టులకి కావాల్సిన 10DLC రిజిస్ట్రేషన్ ఉంది, క్యాంపెయిన్ అప్రూవ్ అయింది. లిస్టులో 2,340 నంబర్లు. మొదట్లో బాగానే వెళ్ళాయి, మూడు వారాలుగా దాదాపు సగం ఆగిపోతున్నాయి. ఇంకో నాలుగు నంబర్లు కొని పంచి పంపమంటారా, లిస్టే తగ్గించమంటారా?

గోంగూర_నాని: నంబర్లు కొనండి బ్రదర్, ఆలోచించేదేముంది. ఒక్క నంబర్ నుంచి రెండువేల పైచిలుకు పోతే ఎవడికైనా అనుమానమే. ఐదింటికి పంచితే ఒక్కోదానికి ఐదొందలు కూడా రావు. ఇంకోటి, తెలుగు లిపిలో పంపుతున్నారా? అది చూస్తే ఫిల్టర్ నేరుగా స్పామ్‌లో వేస్తుంది. నాకు అలాగే అయింది.

పాతకాపు: నానీ, ఒకే మెనూ, ఒకే లింకు ఐదు నంబర్ల నుంచి పోతే దాన్ని మా ఫీల్డులో స్నోషూయింగ్ అంటారు. ఫిల్టర్‌ని తప్పించుకోవడానికి స్పామర్లు చేసే పనే అది, అందుకే క్యారియర్లు దానిమీద కన్నేసి ఉంచుతారు. పైగా ఎన్ని నంబర్లు కొన్నా అన్నీ అదే బ్రాండ్ కింద నమోదవ్వాల్సిందే. కొత్త చొక్కా తొడుక్కున్నంత మాత్రాన పోలిక మారదు.

తెలుగు లిపి సంగతి సగం నిజం. మెసేజ్‌ని ముక్కలుగా లెక్కిస్తారు, ఇంగ్లీషులో ఒక ముక్కకి 160 అక్షరాలు పడితే తెలుగులో 70 పడతాయి. అవీ మనం లెక్కపెట్టే అక్షరాలు కావు, ‘క్కా’ ఒక్కటే నాలుగుగా లెక్క. ముక్కకింత బిల్లు, టీ-మొబైల్ రోజువారీ పరిమితి కూడా ముక్కల్లోనే. దాంతో చిన్న బ్రాండుకి పరిమితి తొందరగా నిండిపోతుంది. కానీ అది స్పామ్ ముద్ర కాదు, లాగ్‌లో 30023 అనే ఎర్రర్ కోడ్ వస్తుంది. రిజిస్ట్రేషన్ లేకపోతే 30034. ఫిల్టర్ ఆపితే 30007. కర్రీపాయింట్ గారూ, మీ లాగ్‌లో ఏముంది? పంపే మెసేజ్ కూడా ఉన్నదున్నట్టు పెట్టండి.

ప్లేనో_కర్రీపాయింట్: అన్నీ 30007. మెసేజ్ ఇదీ:

```
Weekend specials! Natu kodi pulusu, gutti vankaya,
ulavacharu biryani. Menu: bit.ly/xxxxx
```

ఆవకాయ_ఆస్టిన్: ఉలవచారు బిర్యానీ ఎంతండీ?

పాతకాపు: కొట్టు పేరేది? ఎవరు పంపారో తెలియని మెసేజ్‌లో bit.ly లింకు. ఆ డొమైన్‌ని మోసగాళ్ళూ వాడతారు కాబట్టి వాళ్ళ పాపం మీకూ అంటుతుంది. మీ సొంత సైట్ లింకు పెట్టండి. వద్దనుకుంటే STOP అని జవాబివ్వండి అనే మాట కూడా చివర్లో లేదు.

అయినా ఇదే మెసేజ్ మొదట్లో వెళ్ళింది కదా. మూడు వారాల కిందట ఏం మారింది? మెసేజ్ మారకపోతే లిస్టు మారుండాలి.

గోంగూర_నాని: STOP అని రాస్తే ఊరికే కూర్చున్నవాడు కూడా కొడతాడు. ఎందుకు గుర్తుచేయడం? నేను పెట్టలేదు, నాకేం కాలేదు.

పాతకాపు: ఇందాకే కదా నాకూ అయిందన్నావు! STOP కొట్టినవాడు మర్యాదగా తలుపేసుకుని వెళ్ళినట్టు. ఆ దారి చూపించకపోతే ఐఫోన్‌లో Report Junk నొక్కుతాడు, లేదా మెసేజ్‌ని 7726కి ఫార్వర్డ్ చేస్తాడు. కీప్యాడ్ మీద SPAM అంటే అదే అంకె. అది క్యారియర్‌కి చేరుతుంది. ఎంతమంది కొట్టారో మీకెవరూ చెప్పరు. మీకు కనబడేది STOP లెక్క ఒక్కటే, జ్వరం చూసుకోవాలంటే ఉన్న థర్మామీటర్ అదే.

సీత_ఫ్రిస్కో: నేనొకటి చెప్పనా? పోయినేడు ఉగాది భోజనాలకి లైన్లో నిలబడి ఒక కాగితం మీద పేరు, ఫోన్ నంబర్ రాశాను. అంతే! రియల్ ఎస్టేట్ ఆయన, ట్యాక్సులు చేసే ఆవిడ, నాట్యం క్లాసు, ఎవరో చీరల సేల్. ఒక్కరూ పేరు చెప్పరు. ఇప్పుడు కనబడిందల్లా రిపోర్ట్ కొడుతున్నాను, చదవను కూడా.

గోంగూర_నాని: సీతగారూ, ఇక్కడ డెలివరీ గురించి మాట్లాడుతున్నాం, మీ చీరల గొడవ కాదు.

సీత_ఫ్రిస్కో: అదే డెలివరీ అండీ. మీ 30007 వెనకాల ఉన్నది నాలాంటివాళ్ళ వేలు.

ప్లేనో_కర్రీపాయింట్: ఒక మాట చెప్పాలి. నెల కిందట ఇక్కడి సంఘం కార్యక్రమానికి భోజనాలు మేమే పెట్టాం. వాళ్ళు రిజిస్ట్రేషన్ షీటు ఇచ్చారు, 930 నంబర్లు కలిపాను. కానీ అందరూ మనవాళ్ళే, మన వంట తిన్నవాళ్ళే. ముక్కూమొహం తెలియని వాళ్ళకి పంపలేదు.

పాతకాపు: దొరికింది. ఆ 930 మంది నంబర్ ఇచ్చింది సంఘానికి, మీకు కాదు. ఒకరికిచ్చిన అనుమతి ఇంకొకరికి చెల్లదు, అమ్మినా, ఊరికే ఇచ్చినా అంతే. క్యారియర్లు అనుసరించే సీటీఐఏ నియమాల్లోనే ఉంది. కోర్టు దాకా పోతే ఫోన్ వినియోగదారుల రక్షణ చట్టం టీసీపీఏ కింద మెసేజ్‌కి 500 డాలర్ల నుంచి అడగొచ్చు. ఇప్పుడొక పని చేయండి. STOP కొట్టినవాళ్ళని రెండు కుప్పలుగా విడదీయండి, కౌంటర్ దగ్గర నంబర్ ఇచ్చినవాళ్ళు ఎంతమంది, షీటువాళ్ళు ఎంతమంది.

గోంగూర_నాని: మనవాళ్ళకి ఒక మెనూ పంపడానికి కోర్టేంటండీ బాబూ. ఊళ్ళో అయితే మైకులో చెప్పేవాళ్ళు, ఎవరన్నా కేసు పెట్టారా?

సీత_ఫ్రిస్కో: మనవాళ్ళు కాబట్టే మొహం మీద చెప్పలేం. రేపు గుళ్ళో కనబడతారు కదా! అందుకే చప్పుడు చేయకుండా రిపోర్ట్ కొడతాం. మీకేమో కస్టమర్లు సంతోషంగా ఉన్నట్టే కనబడుతుంది.

ప్లేనో_కర్రీపాయింట్: లెక్క తీశాను. మూడు వారాల్లో మొత్తం 96 STOPలు. కౌంటర్ లిస్టు 1,410 మందిలో 15. షీటు 930 మందిలో 81. STOP మాట పెట్టకుండానే ఇంతమంది టైప్ చేసి పంపారు.

పాతకాపు: అంటే ఒకవైపు నూటికి ఒకటి, ఇంకోవైపు నూటికి దాదాపు తొమ్మిది. ఇవి కనబడినవి, రిపోర్టులు వేరే. షీటు మొత్తం తీసేయండి. ‘మంచివాళ్ళని’ ఏరి ఉంచుకోవద్దు. మిగిలిన 1,395 మందికి కొట్టు పేరు ముందు పెట్టి, సొంత లింకుతో, STOP మాటతో పంపండి. ముందు ఈ మధ్య రెండు నెలల్లో కొన్నవాళ్ళకి మాత్రమే, తర్వాత మెల్లగా మిగతావాళ్ళకి. ఇంకోటి, ఎవరైనా ‘నాకు పంపకండి’ అని మామూలు మాటల్లో రాసినా అదీ STOP కిందే లెక్క. 2025 ఏప్రిల్ నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ రూలు, పది పనిదినాల్లో ఆపాలి. తెలుగులో రాస్తే సిస్టమ్ పట్టుకోదు, మీరే చదవాలి.

ప్లేనో_కర్రీపాయింట్: అప్‌డేట్. మొన్న 600 మందికి పంపాను. ఆగినవి 47. తగ్గాయి కానీ పోలేదు.

గోంగూర_నాని: చెప్పానా? ఆ నంబర్ పని అయిపోయింది. ఎన్ని పూజలు చేసినా లేవదు, కొత్తది తీసుకోండి.

పాతకాపు: ఒక వారానికే తీర్పా? లిస్టు శుభ్రమయ్యాక లేచిన నంబర్లని చూశాను. లేవనివీ చూశాను, ఒప్పుకుంటాను. ఇంకో మూడు శుక్రవారాలు చూసి కావాలంటే నంబర్ మార్చండి, ఒకే ఒక్కటి.

ప్లేనో_కర్రీపాయింట్: సరే అండీ. ఇంతకీ ఆ 930 మందికి ఒక్క ‘సారీ’ మెసేజ్ పంపేసి ముగిద్దామనుకుంటున్నా, ఏమంటారు?

సీత_ఫ్రిస్కో: వద్దు!!

పాతకాపు: వద్దండీ బాబూ.

ఆవకాయ_ఆస్టిన్: బిర్యానీ ధర మాత్రం ఎవరూ చెప్పలేదు.