మేనేజ్‌మెంట్ లెటర్‌లో "బిల్లుల రద్దుపై నియంత్రణ లేదు" అని రాశారు. క్యాష్ రోజూ సరిపోతోంది కదా?

జవుళి_తిరుపతి
అందరికీ నమస్కారం. గాంధీ రోడ్డు దగ్గర మాది బట్టల షాపు. నేను, తమ్ముడు భాగస్తులం. ట్యాక్స్ ఆడిట్ అయిపోయింది. పోయిన వారం ఆడిటర్ గారు మూడు పేజీల లెటర్ ఇచ్చినారు. 15 రోజుల్లో ఒక్కో పాయింటుకు జవాబు రాసివ్వమన్నారు.

అందులో రెండు విషయాలు పెద్దవి. ఒకటి, బిల్లు కొట్టేది, డబ్బు తీసుకునేది, బిల్లు క్యాన్సిల్ చేసేది ఒకే మనిషి, రద్దయిన బిల్లుల మీద ఎవరి సంతకమూ లేదు అని. రెండు, మార్చి 31 స్టాకు ర్యాకులు లెక్కపెట్టి రాసింది కాదు, మార్జిన్ వేసి కాగితం మీద తేల్చింది అని.

గల్లా మీద కూర్చునేది నా బావమరిది. లెటర్ చదివి అన్నం కూడా తినలేదు. "నన్ను దొంగ అన్నారు బావా" అని ఒకటే బాధ. నేనడిగేది ఇంతే. రోజూ రాత్రి గల్లా లెక్క కంప్యూటరు లెక్కతో రూపాయి తేడా లేకుండా సరిపోతా ఉంది. అలాంటప్పుడు ఇందులో లోపం ఎక్కడ ఉండాది? ఏమని జవాబు రాయాల?

ట్యాక్స్‌ప్రాక్టీస్_చిత్తూరు
అన్నా, కంగారు పడొద్దు. మేనేజ్‌మెంట్ లెటర్ కంపెనీలకు ఇచ్చేది. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌కు ట్యాక్స్ ఆడిట్ ఫారాలు 3సీబీ, 3సీడీ ఇస్తే ఆడిటర్ పని అయిపోయినట్టే. జవాబు రాయాలని చట్టంలో ఎక్కడా లేదు. మర్యాదకు రెండు లైన్లు రాసి పంపండి, చాలు. క్యాష్ సరిపోతున్నప్పుడు ఇంకేం కావాలి?

లెక్కలక్క
జవాబు రాయాలని చట్టం లేదన్నది నిజమే. కంపెనీలకు మాత్రమే అన్నది కాదు. లెక్కలు ఆడిట్ చేసినప్పుడు నియంత్రణలో ముఖ్యమైన లోపాలు కంటపడితే రాతపూర్వకంగా చెప్పాలని ఆడిటర్లు పాటించాల్సిన ప్రమాణం ఎస్‌ఏ 265 అంటుంది. అది ఫర్మ్ అయినా, ట్రస్ట్ అయినా అంతే. చిన్నచిన్నవి నోటితో చెప్పొచ్చు. మీ ఆడిటర్ ఈ రెండింటినీ కాగితం మీద పెట్టారంటే ముఖ్యమైనవని తలచారన్నమాట.

ఇక జవుళి గారి ప్రశ్న. "క్యాష్ సరిపోతోంది కదా" అని నా దగ్గరికొచ్చే షాపు వాళ్లలో సగం మంది అంటారు, కాబట్టి వివరంగా చెప్తాను.

మధ్యాహ్నం ఒకామె 1,850 రూపాయల చీర కొని నగదు ఇచ్చి, చీరా బిల్లూ తీసుకుని వెళ్లిపోయిందనుకోండి. రాత్రికి కంప్యూటరులో నగదు అమ్మకం 64,200, గల్లాలోనూ 64,200. షట్టర్ దించే ముందు ఎవరో ఆ బిల్లు క్యాన్సిల్ కొట్టారు. కంప్యూటరు 62,350 చూపిస్తుంది. గల్లాలోంచి 1,850 తీస్తే అక్కడా 62,350. సరిపోయింది! రూపాయి తేడా లేదు. ఏ అంకెనైతే పక్కన పెట్టి గల్లాను సరిచూస్తున్నారో, ఆ అంకెను మార్చే వీలు గల్లా మీదున్న మనిషి చేతిలోనే ఉంది. అందుకే సరిపోవడం దేనికీ రుజువు కాదు.

డబ్బు వైపు ఆనవాలు మిగలదు, సరుకు వైపు మిగులుతుంది. బిల్లు క్యాన్సిల్ అవగానే సాఫ్ట్‌వేరు ఆ చీరను మళ్లీ స్టాకులో కలుపుతుంది. ర్యాకులో మాత్రం చీర లేదు. అది బయటపడాలంటే ర్యాకు లెక్కపెట్టాలి. మీరు లెక్కపెట్టలేదు, మార్జిన్ వేశారు. అందుకే ఆడిటర్ ఈ రెండు పాయింట్లనూ పెద్దవిగా చూశారు. ఒక్కోటీ విడిగా ఉంటే ఇంత బరువు ఉండదు.

ఇంకో మాట, లెటర్‌ను మళ్లీ చదవండి. బిల్లు అలా క్యాన్సిల్ చేయడానికి దారి తెరిచి ఉందని రాసి ఉంటారు. ఫలానా వాళ్లు తీశారని రాసి ఉండరు. మీ బావమరిదికి ముందు ఈ మాట చెప్పండి.

జవుళి_తిరుపతి
అక్కా, మళ్లీ చదివినాను. ఎవరి పేరూ లేదు. "ఆడిట్‌కు అవసరమైనంత మేరకే చూశాం, ఉన్న లోపాలన్నీ ఇవే అని కాదు" అని కూడా చివర్లో ఉండాది.
ఇప్పుడు నేనేం చూడాల?

లెక్కలక్క
అన్ని ఐటమ్‌లూ ఒకేసారి వద్దు. ఏప్రిల్ నుంచి రద్దయిన బిల్లుల జాబితా సాఫ్ట్‌వేరులోంచి తీయండి. బిల్లు కొట్టిన సమయం, క్యాన్సిల్ చేసిన సమయం రెండూ ఉండాలి. రెండు నిమిషాల్లో రద్దయి, వెంటనే ఇంకో బిల్లు పడితే అది రంగో సైజో మార్చుకున్న బేరం. మధ్యాహ్నం బిల్లు రాత్రి తొమ్మిది దాటాక రద్దయితే దాని పక్కన టిక్కు పెట్టుకోండి. కొన్నవాళ్లు అప్పటికి కొండ దిగి ఊరికి బస్సెక్కేసి ఉంటారు, వెనక్కి తెచ్చిచ్చింది ఎవరు?

అమ్మకాలకు వేసే జీఎస్టీ రిటర్న్, జీఎస్టీఆర్-1లో 13వ పట్టిక కూడా తీయండి. ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా బిల్లులిచ్చారు, అందులో ఎన్ని రద్దయ్యాయి అని అక్కడ ఇస్తారు. ఆ సంఖ్యా, మీ జాబితాలో సంఖ్యా ఒకటి కాకపోతే బిల్లులు రద్దు కాకుండా ఏకంగా డిలీట్ అవుతున్నాయేమో చూడాలి. ఆ తర్వాత రద్దయిన బిల్లుల్లో ఎక్కువసార్లు కనపడే ఒక్క రకం చీర తీసుకుని, మీ చేత్తో లెక్కపెట్టండి.

బెల్లం_మండీ
మా చిత్తూరులో కూడా ఇదే గోల సార్. బెల్లం స్టాకు ప్రతి నెలా తక్కువే వస్తాది. ఎండకు ఆరిపోయి తూకం తగ్గుతాది, వానాకాలం నీరు కారుతాది. మా ఆడిటరుకు ఎంత చెప్పినా "తరుగు ఎందుకు" అని ప్రతి ఏడూ రాస్తాడు. స్టాకు తగ్గడం సహజమని మీరూ రాసేయండి, సరిపోతాది.

లెక్కలక్క
బెల్లానికి అది సరైన జవాబే, చీరకు కాదు. చీర ఆరిపోదు కదా. మీ విషయంలో కూడా నోటిమాట ఆడిటర్‌కు చాలదు. లాటు దిగిన రోజు తూకం, అది అయిపోయే రోజు దాకా అమ్మిన తూకం, ఈ రెండూ లాటువారీ ఒక పుస్తకంలో రాయండి. కొన్ని లాట్లు చూస్తే ఎండాకాలం ఎంత, వానాకాలం ఎంత అని మీకే తెలుస్తుంది. ఒక లాటులో తరుగు దానికి రెండింతలు వస్తే అది ఎండ పని కాదని కూడా ఆ పుస్తకమే చెప్తుంది.

జవుళి_తిరుపతి
ఆదివారం తమ్ముడూ నేనూ కూర్చున్నాం. 1,850 రేటు సాఫ్ట్ సిల్క్ తీసుకున్నాం. ఏప్రిల్ 1న 42 పీసులు. కొన్నవి 60. సూరత్ పార్టీకి డ్యామేజీ కింద వాపసు పంపినవి 5. రద్దులు పోగా అమ్మినవి 71. అంటే 26 ఉండాల. ర్యాకులో, బొమ్మకు కట్టిందీ కలిపి 22.

తగ్గిన నాలుగిట్లో ఒకటి మా ఇంట్లో ఉండాది. పెళ్లికని తమ్ముడి భార్య తీసుకెళ్లింది, చీటీ రాయలేదు. మిగిలిన మూడింటికి లెక్క లేదు. ఈ రకంలో రద్దయిన బిల్లులు కూడా మూడు. మూడుకు మూడు! నాకు చేతులు వణికినాయి.

లెక్కలక్క
సంఖ్య కలిసిందని తేల్చేయకండి. ఆ మూడు బిల్లుల సమయాలు చెప్పండి.

జవుళి_తిరుపతి
రెండు రాత్రి తొమ్మిదిన్నర తర్వాత. ఒకటి పొద్దున పదకొండింటికి, వెంటనే అదే రేటు ఇంకో బిల్లు ఉండాది.

లెక్కలక్క
అయితే పొద్దుటిది నిజమైన మార్పిడి, దాన్ని వదిలేయండి. రాత్రి రెండూ ప్రశ్నార్థకం. మూడో చీర క్యాన్సిల్ వల్ల పోలేదు, దానికి వేరే కారణం వెతకాలి. ఫాల్స్ కుట్టడానికి పోయిందా, ఇంకో రేటు స్టిక్కరుతో బిల్లయిందా, వచ్చినప్పుడే ఒక పీసు తక్కువ దిగిందా అని చూడండి. పక్క రేటు రకంలో ఒకటి ఎక్కువ కనిపిస్తే స్టిక్కరు తప్పు.
ఆ రాత్రి క్యాన్సిళ్లు ఎవరి లాగిన్‌లో ఉన్నాయి?

జవుళి_తిరుపతి
అందరికీ ఒకటే లాగిన్ అక్కా. పాస్‌వర్డ్ షాపులో అందరికీ తెలుసు. బావమరిది భోజనానికి పోతే సేల్స్ పిల్లోళ్లు కూర్చుంటారు. కొన్ని రాత్రులు తమ్ముడే షట్టర్ వేస్తాడు.

గల్లా_మీద_పన్నెండేళ్లు
అన్నా, నేను తిలక్ రోడ్డులో ఒక షాపులో క్యాషియర్‌గా చేసినాను. ఒక మాట చెప్తాను. మీ బావమరిదే తీసినాడని ఇప్పుడు మీరు చెప్పలేరు. తీయలేదని ఆయన కూడా రుజువు చేసుకోలేడు. ఆయన బాధకు మూలం అదే. బ్రహ్మోత్సవాల రద్దీలో నన్ను లేపి ఇంకొకరిని గల్లా మీద కూర్చోబెట్టేవాళ్లు, రాత్రి తగ్గితే నా జీతంలో కోసేవాళ్లు. ఎవరి లాగిన్ వాళ్లకిచ్చి, గల్లా చేతులు మారినప్పుడల్లా లెక్కపెట్టి సంతకం పెట్టించమనండి. ముందు మేలు జరిగేది క్యాషియర్‌కే.
ఇంకోటి, రాత్రి రద్దులన్నీ తప్పుడువి కావు. ఫోన్ పేలో డబ్బు పడలేదనుకుని నగదు తీసుకుని రెండో బిల్లు కొడతాం, తీరిక దొరికాక రాత్రి మొదటిది రద్దు చేస్తాం. అలాంటప్పుడు అదే ఐటమ్‌కు రెండు బిల్లులు కనపడతాయి.

ట్యాక్స్‌ప్రాక్టీస్_చిత్తూరు
అక్క చెప్పింది ఒప్పుకుంటాను. కానీ నలుగురున్న షాపులో బిల్లుకొకరు, డబ్బుకొకరు, రద్దుకొకరు అంటే ఎలా కుదురుతుంది? జీతాలెవరిస్తారు? ఆడిటర్లు రాసే ఈ సిఫార్సులు చిన్న షాపులకు పనికిరావు.

లెక్కలక్క
నలుగురిని పెట్టలేరు, నిజమే. పుస్తకంలో ఉన్నట్టు పనులు విడగొట్టమని నేనూ అనను. రెండు పనులు యజమాని చేస్తే చాలావరకు సరిపోతుంది. రద్దు చేసే పాస్‌వర్డ్ అన్నదమ్ములిద్దరి దగ్గరే ఉండాలి. రద్దయిన బిల్లు కస్టమర్ కాపీతో సహా పిన్ను కొట్టి దాచాలి. కాపీ లేకపోతే రద్దు లేదు, మార్పిడి బిల్లే. రెండోది, రాత్రి గల్లా లెక్కపెట్టేటప్పుడు స్క్రీన్ చూడకూడదు. ముందు నోట్లు లెక్కపెట్టి 500లు ఎన్ని, 200లు ఎన్ని అని కాగితం మీద రాసి సంతకం పెట్టాలి, ఆ తర్వాతే కంప్యూటరు మొత్తం తీయాలి. మొదట్లో ఇరవై, యాభై తేడాలు రోజూ వస్తాయి. వస్తేనే మంచిది, నిజంగా లెక్కపెడుతున్నారని అర్థం.

అయినా ఒక దారి మిగులుతుంది. అసలు బిల్లే కొట్టకుండా అమ్మితే ఇవేవీ పట్టుకోలేవు. దాన్ని ర్యాకు లెక్క ఒక్కటే పడుతుంది. వారానికి ఒక ర్యాకు చొప్పున తిప్పుకుంటూ లెక్కపెట్టండి.

జవుళి_తిరుపతి
జవాబు ఇట్లా రాస్తామనుకుంటున్నాం: "రద్దు పాస్‌వర్డ్ వచ్చే నెల 1 నుంచి భాగస్తుల దగ్గరే. ఎవరి లాగిన్ వారికి. వారానికి ఒక ర్యాకు లెక్క, బాధ్యత తమ్ముడిది. ఇంటికి తీసుకెళ్లే సరుకుకు చీటీ." సరేనా? బ్యాంకులో స్టాకు మీద సీసీ అప్పు ఉండాది, నెలనెలా స్టాకు స్టేట్‌మెంట్ ఇస్తాం. ఈ లెటర్ వాళ్లకూ ఇవ్వాల్నా?

లెక్కలక్క
జవాబు బాగుంది. లెటర్ మీ కోసం రాసింది. బ్యాంకు అడిగితే ఆడిటర్‌ను అడక్కుండా ఇవ్వకండి. కానీ స్టాకు స్టేట్‌మెంట్ సంగతి వేరు. లేని చీరలు అందులో చూపిస్తే వాటి మీద కూడా అప్పు వాడుకున్నట్టవుతుంది. మార్చి 31 లెక్కలోనూ అంతే, లేని సరుకును ముగింపు స్టాకులో చూపితే లాభం పెరిగి దాని మీద ట్యాక్స్ కట్టినట్టే. ఈ నెల నుంచి లెక్కపెట్టిన అంకే ఇవ్వండి. పోయిందని తేలిన చీరల మీద తీసుకున్న జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ కూడా వెనక్కి కట్టాలి. ఎన్నని తేలాక అది ఆడిటర్‌తో మాట్లాడండి.

ట్యాక్స్‌ప్రాక్టీస్_చిత్తూరు
క్రెడిట్ విషయంలో తొందరొద్దు. లెక్క తప్పా, నిజంగా పోయిందా అని తేలకుండా మూడు చీరలకు రివర్సల్ ఎందుకు?

లెక్కలక్క
తేలాకే అన్నాను. తేలడానికి ఎన్నాళ్లు పట్టినా పర్లేదని మాత్రం అనను.

జవుళి_తిరుపతి
పక్క రేటు ర్యాకు చూసినాం. 1,650 రకంలో ఒకటి ఎక్కువ ఉండాది. స్టిక్కరు మారిందనే అనుకుంటున్నాం. రాత్రి రెండు బిల్లులకు రెండో బిల్లు ఉందేమో బావమరిదే వెతుకుతా ఉన్నాడు.